బక్రీద్ బ్యాచ్ ప్లాన్: 24 జీవాలు, 90 రోజులు, బరువు, రేటు లెక్కలు

తమ్ముడూ, నిన్న 16 పొట్టేళ్ళు 8 మేకపోతులు తెద్దాం అన్నావు కదా, రాత్రి కూర్చుని మొత్తం లెక్కేశా, అది మార్చాలి, 20 పొట్టేళ్ళు 4 పోతులు చేద్దాం, ఎందుకో కింద రాశా చదువు.

ముందు డేట్. బక్రీద్ ఏటా 10, 11 రోజులు ముందుకొస్తది, పోయినేడాది తారీకు చూసుకుని కొనద్దు. పండక్కి 95 రోజుల ముందే జీవాలు మన షెడ్డులో ఉండాలి. రెండు నెలల ముందు నుంచి అందరూ కొనడం మొదలెడతారు, అప్పుడు సంతలో రేటు మన చేతిలో ఉండదు.

కొనేటప్పుడు వయసు మొదట చూడు. ఖుర్బానీకి పోతు ఏడాది నిండి ఉండాలి, పొట్టేలు కూడా ఏడాది దాటితే ఎవరూ పేచీ పెట్టరు, అందుకే 9, 10 నెలలవి తీసుకో. కుంటిది, కన్ను పోయింది, చెవి బాగా కోసింది, కొమ్ము మొదలంటా విరిగింది ఎంత చవగ్గా ఇచ్చినా వద్దు, ఎంత బలిసినా పండక్కి పనికిరాదు. పొట్టేలు 22 కిలోలు, పోతు 20 కిలోల దగ్గర ఉండాలి. ఒళ్ళు సన్నగా ఉన్నా ఎముక పొడుగున్నదే ఎంచుకో, అదే బరువు పడతది.

మొదటి 15 రోజులు బరువు ఆశించొద్దు. పాత జీవాలకి దూరంగా కట్టు, నట్టల మందు పట్టించు, పారుడు రోగం టీకా, చిటుక రోగం టీకా డాక్టర్ గారితో వేయించు, చిటుక టీకా రెండో డోసు ఎప్పుడో ఆ రోజే అడిగి రాసుకో. దాణా రోజుకి 50 గ్రాములతో మొదలెట్టి రెండ్రోజులకో 50 పెంచుతూ 400కి తీసుకెళ్ళు. బాబూ ఇక్కడ తొందర పడద్దు, ఒక్కసారిగా మొక్కజొన్న ఎక్కువ పెడితే కడుపులో పులిసి పడిపోతాయి, బాగా తినే గట్టి పొట్టేలే ముందు పోతది. చివరి 30 రోజులు 500 గ్రాములు. మగజీవాలకి తవుడు, గింజలు ఎక్కువైతే మూత్రంలో రాళ్ళు పడతాయి, అందుకే దాణాలో ఉప్పు, సున్నపురాయి పొడి కలుపు, నీళ్ళ తొట్టి ఎప్పుడూ ఖాళీ ఉండకూడదు. పచ్చిమేత, ఎండుమేత తిన్నంత పెట్టు.

టార్గెట్: 16వ రోజు నుంచి పొట్టేలు రోజుకి 130 గ్రాములు, అంటే ప్రతి 15 రోజులకి 2 కిలోలు, 90వ రోజుకి 32 దగ్గర. పోతు రోజుకి 75 గ్రాములు, చివరికి 25న్నర. తూకం పొద్దున మేత వేయకముందే, లేకపోతే కడుపులో మేత కూడా లెక్కలోకొస్తది. వరసగా రెండు తూకాల్లో కిలో కూడా పెరగని పొట్టేలుంటే పేడ పరీక్ష చేయించు, అయినా పెరక్కపోతే పండక్కి ఆగకుండా అమ్మేయ్, దానికి పెట్టే దాణా దండగ.

ఇప్పుడు డబ్బు. సంత రేటు రోజూ మారుద్ది కాబట్టి కొన్న కిలో రేటుని 100 అనుకున్నా, కిలో దాణా దానిలో 6 పడుద్దని వేసుకున్నా. పొట్టేలు కొనడానికి 2200, దాణా మేత 340, మందులు టీకాలు 40, బండి 50, మన కూలి షెడ్డు వడ్డీ 150, నూటికి 5 చచ్చిపోతాయని 110, మొత్తం 2890. ప్రయాణంలో 5 శాతం తరుగు పోను అమ్మేది 30.2 కిలోలే. అంటే 96కి అమ్మినా అసలు వస్తది, కొన్న 100కే అమ్మినా 130 మిగులుద్ది, 115కి పోతే 583. పోతుకి ఇదే లెక్క 2680, తరుగు పోను 24.3 కిలోలు, కిలో 111 వస్తే గానీ అసలు కూడా రాదు. బరువు మీద పోతు మనకి తిండి పెట్టదు రా, దానికి అందం మీదే రేటు, అందుకే రంగు, కొమ్ము, నిలబడే తీరు బాగున్న నాలుగే చాలు.

అమ్మకం మొత్తం చివరి రోజుకి పెట్టుకోవద్దు, ఎక్కువ మంది ఒకేసారి దించితే సాయంత్రానికి రేటు కూలిపోద్ది. 8 పొట్టేళ్ళు నెల ముందే అడ్వాన్సు తీసుకుని కిలో రేటు మాట్లాడి ఇద్దాం, తూకం తీసుకెళ్ళే రోజుది, అప్పటిదాకా మేపు మనదే. 9 చివరి పది రోజుల్లో, మూడు పొట్టేళ్ళు, నాలుగు పోతులు చివరి మూడు రోజులకి. పొట్టేలు 105, పోతు 120 కంటే కిందకి దిగొద్దు, పండగ ముందురోజు మధ్యాహ్నం దాటితే మాత్రం అసలు వస్తే చాలు ఇచ్చేయ్. చివర్లో ఏ మందైనా వాడాల్సొస్తే మాంసానికి ఎన్ని రోజులు ఆగాలో డాక్టర్ గారినడిగి ఆ గడువు అయ్యాకే అమ్ము.

చెవి ట్యాగులు, తూకం కాటా, ఒక నోట్‌బుక్ కొన్నాకే సంతకి బయల్దేరు.