పాడైపోయిన ఫైల్ స్థానంలో సవరించిన వ్యాసాన్ని మళ్లీ పంపుతూ సంపాదకులకు లేఖ

5 నవంబరు 2024

సంపాదకులు గారికి,

నమస్కారం.

విషయం: వ్యాస సంఖ్య 47/2024, "రేనాటి చోళుల శాసనాల్లో ఴ-కారం". రెండో సవరణ ప్రతిని మళ్లీ పంపడం గురించి.

అక్టోబరు 30 సాయంత్రం నేను పంపిన ఫైల్ మీ దగ్గర తెరుచుకోలేదని నిన్న మీ కార్యాలయం నుంచి మెయిల్ వచ్చింది. మొదట తప్పు మీ కంప్యూటర్‌దే అనుకున్నాను. తర్వాత నేను పంపిన మెయిల్లోంచే ఆ ఫైల్ దించుకుని చూస్తే నాకూ తెరుచుకోలేదు. తప్పు నాదే, క్షమించండి. సరైన ఫైల్‌ను ఈ లేఖతో జత చేస్తున్నాను. పాడైన దాన్ని, ముఖ్యంగా దానిలోంచి రికవర్ చేసిన ప్రతిని, దయచేసి తీసేయించండి. ఇంత చిన్న విషయానికి ఇంత పొడుగు లేఖ ఎందుకంటే ఆ రికవర్ చేసిన ప్రతి గురించే.

ముందు ఏం జరిగిందో చెప్తాను. సవరణ గడువు అక్టోబరు 31. దీపావళి కూడా ఆ రోజే కాబట్టి ముందు రోజే పంపేద్దామనుకున్నాను. సాయంత్రం మా ఇంట్లో నెట్ పోయింది. ఫైల్‌ను పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి, అది పూర్తయ్యేదాకా ఆగకుండా లాగేసి, వీధి చివర ఇంటర్నెట్ సెంటర్‌కి వెళ్లాను. ఆ కుర్రాడు షట్టర్ సగం దించేసి టపాకాయల దుకాణానికి వెళ్లే తొందరలో ఉన్నాడు. ఫైల్ జత చేసి, పేరు సరిగ్గా ఉందో లేదో మాత్రం చూసి, మెయిల్ పంపి వచ్చేశాను. పేరు సరిగ్గానే ఉంది, సైజు చూడలేదు. నా ల్యాప్‌టాప్‌లో ఉన్న అసలు ఫైల్ 6.8 ఎంబీ. మీకు చేరింది 2.1 ఎంబీ.

వర్డ్ ఫైల్ బయటికి ఒకే కాగితంలా కనిపిస్తుంది గానీ నిజానికి అదొక జిప్ మూట. పాఠం ఒక చోట, అధోజ్ఞాపికలు మరో చోట, అక్షరాల స్టైల్స్ ఇంకో చోట, బొమ్మలు వేరే సంచిలో ఉంటాయి. ఏది ఎక్కడుందో చెప్పే జాబితా మూట చివర ఉంటుంది. తోక తెగితే ఆ జాబితా పోతుంది. అందుకే మీ తెర మీద `Word found unreadable content` అని వచ్చింది. ఇది వైరస్ కాదు. మీ కంప్యూటర్లకు దాని వల్ల ఏ ఇబ్బందీ లేదు.

ఇక అసలు సంగతి. నిన్న మధ్యాహ్నం మీ కార్యాలయంలో కంపోజింగ్ చూసే అబ్బాయి ఫోన్ చేశాడు. "మేడమ్, రికవరీ పెడితే మ్యాటర్ మొత్తం వచ్చేసింది. బొమ్మలు రాలేదంతే. అక్కడక్కడా బాక్సులు పడుతున్నాయి, వాటిని 'ళ' చేసేస్తే సరిపోతుందా? మళ్లీ మీరు పంపనక్కర్లేదు" అన్నాడు. నాకు శ్రమ తప్పించాలనే అన్నాడు పాపం, అతని మీద ఇది ఫిర్యాదు కానే కాదు. కానీ ఆ మాట విన్నాక నాకు నిద్ర పట్టలేదు. ఆ బాక్సులే నా వ్యాసం!

సమీక్షకులకు తెలిసిన విషయమే అయినా ఒకసారి చెప్పనివ్వండి. ఏఴు ఏడు అయింది, కోఴి కోడి అయింది, మేఴి మేడి అయింది. పదం మొదట్లో హల్లుతో జత కట్టిన చోట మాత్రం అదే ధ్వని రేఫగా మారింది: కీఴ్ నుంచి క్రింద, పఴ నుంచి ప్రాత. ఈ మార్పుకు ముందు తెలుగులో ఴ ఉండేదని చెప్పడానికి మనకున్న గట్టి సాక్ష్యం రేనాటి శాసనాలే. రాతి మీద ఏ చోట ఴ ఉంది, ఏ చోట ళ ఉంది, ఏ చోట డ ఉంది అన్నదే నా వాదం మొత్తం. బాక్సులన్నీ ళ అయిపోతే వ్యాసం చదవడానికి శుభ్రంగానే ఉంటుంది, కాకపోతే చెప్పేది ఏమీ మిగలదు.

ఆ బాక్సులకు కారణం కూడా ఫైల్ పాడవడం కాదు. ఴ యూనికోడ్‌లోకి వచ్చింది 2014లో, 7.0 వెర్షన్‌తో. దాని సంకేతం U+0C34. అంతకు ముందు తయారైన తెలుగు ఫాంట్లలో ఆ అక్షరం ఉండే అవకాశం లేదు, ఫాంట్‌లో లేని అక్షరానికి కంప్యూటర్ ఒక ఖాళీ పెట్టె గీసి ఊరుకుంటుంది. అసలు ఫైల్‌లో ఈ అక్షరం ఉన్న ఫాంట్‌ను లోపలే పొదిగాను. రికవర్ చేసిన ప్రతిలో ఆ ఫాంట్ జారిపోయింది. మొదటి సమీక్షకులు విడదీసి చూపమన్న ౚ పరిస్థితీ ఇంతే. శకటరేఫ ఱ అందరి దగ్గరా ఉంటుంది. పాత శాసనాల్లో దానికి భిన్నంగా కనిపించే ఈ అక్షరం మాత్రం యూనికోడ్‌లోకి 2015లో వచ్చింది. సమీక్షకుల సూచన ప్రకారం నేను 11 చోట్ల ఱ తీసి ౚ పెట్టాను. ఆ పదకొండూ ఇప్పుడు మీ రికవర్ చేసిన ప్రతిలో పెట్టెలే.

ఇంకో నష్టం ఉంది, పెట్టెల కన్నా ప్రమాదకరమైనది, ఎందుకంటే అది కంటికి కనిపించదు. రాయి చెక్కుకుపోయి సరిగ్గా చదవలేని అక్షరాల కోసం "సందేహాక్షరం" అని ఒక స్టైల్ చేసుకుని, వాటి వెనక బూడిద రంగు వేశాను. కలమళ్ల శాసన పాఠంలో ఇలాంటివి చాలా ఉన్నాయి. మీ అబ్బాయి పంపిన రికవరీ ప్రతి చూశాను. స్టైల్స్ పోవడంతో ఆ బూడిద రంగూ పోయింది. నేను ఊహించి చదివిన అక్షరాలు, రాతి మీద స్పష్టంగా ఉన్న అక్షరాలు ఒకే నలుపులో, ఒకే ధీమాతో కనిపిస్తున్నాయి. అది అచ్చయితే నేను చేయని వాదం నా పేరు మీద నిలబడుతుంది. నకళ్ల ఫొటోలు 9 ఉండాలి, అందులో 3 మాత్రమే వచ్చాయి. అధోజ్ఞాపికలు మటుకు ఎలాగో అన్నీ వచ్చాయి.

ఇప్పుడు జత చేసినవి రెండు: `Renadu_R2.docx`, `Renadu_R2.pdf`. పీడీఎఫ్‌ను సమీక్షకులకు పంపండి. కంపోజింగ్‌కు మాత్రం వర్డ్ ఫైలే వాడమని మనవి. డీటీపీలో యూనికోడ్ నుంచి పాత ఫాంట్లలోకి మార్చే కన్వర్టర్లకు ఈ రెండు అక్షరాలూ తెలియకపోవచ్చు. మార్చాక పీడీఎఫ్‌ను పక్కన పెట్టుకుని సరిచూస్తే చాలు. పాత ఫాంట్‌లో అసలు కుదరకపోతే ఆ అక్షరాలను బొమ్మలుగా చేసి నేనే పంపుతాను, ఒక్క ఫోన్ చేయించండి. ఈసారి పెన్‌డ్రైవ్ జోలికి పోలేదు. ఫైల్‌ను ఇంట్లోంచే నేరుగా జత చేశాను, ముందుగా నా రెండో మెయిల్‌కు పంపుకుని, ఆ కాపీని ఇంకో కంప్యూటర్లో తెరిచి చివరి పేజీ వరకూ చూశాను. మీ వైపు కూడా సరిచూడాలనుకుంటే విండోస్‌లో ఈ ఒక్క లైన్ చాలు:

```
certutil -hashfile Renadu_R2.docx SHA256
```

వచ్చే వరుస `4e91c7` తో మొదలై `a03d` తో ముగియాలి. అంత ఓపిక లేకపోతే సైజు 6.8 ఎంబీ ఉందో లేదో చూసినా నాకు నిశ్చింతే.

ఇది గడువు దాటాక తిరగరాసిన ప్రతి కాదు. అక్టోబరు 30న నా దగ్గర ఉన్నదే, రెండు చోట్ల తప్ప. ఆ రెండూ దాచకుండా చెప్పాలి. నిన్న మొత్తం మళ్లీ చదువుతుంటే 14వ పేజీలో ఒకటి, రెండో పట్టిక ఏడో వరుసలో ఒకటి, చోఴ అని ఉండాల్సిన చోట చోళ అని కనిపించాయి. నా వాక్యాల్లో రాజవంశం పేరును నేటి అలవాటు ప్రకారం చోళ అనే రాస్తున్నాను. అవన్నీ ఒకేలా ఉండాలని ఫైండ్-రీప్లేస్ పెట్టినప్పుడు శాసన పాఠంలోవి రెండు అందులో కొట్టుకుపోయాయి. మీ అబ్బాయిని చేయొద్దన్న తప్పే నేను ముందే చేసి కూర్చున్నాను. రెండింటినీ సరిచేసి పసుపు రంగు వేశాను. గడువు తర్వాతి మార్పులు మీ నిబంధనలకు కుదరవంటే వాటిని పాత రూపంలోనే ఉంచి అచ్చుతప్పుల దశలో దిద్దుకోనివ్వండి, అభ్యంతరం లేదు.

సమీక్షకుల ప్రశ్నలకు జవాబుల పత్రం అప్పుడే విడిగా పంపాను, అది చిన్నది కాబట్టి క్షేమంగా చేరింది. అందులోని పేజీ సంఖ్యలు ఈ ప్రతికి సరిపోతాయి. రెండో సమీక్షకులు అడిగిన పెద్ద మార్పు ఒక్కటే ఇక్కడ గుర్తుచేస్తాను. కలమళ్ల శాసనం మీద తేదీ లేదు. మొదటి ప్రతిలో నేను క్రీ.శ. 575 అని ఖాయంగా రాసేశాను. ఇప్పుడు ఆ కాలం లిపి తీరును బట్టీ, పుణ్యకుమారుడి మాలేపాడు రాగిరేకుల్లోని వంశావళిలో, ఈ శాసనంలో పేరున్న రాజు ధనంజయుడి స్థానాన్ని బట్టీ వేసిన అంచనా అని రాసి, వాక్యాన్ని "6వ శతాబ్ది చివరి పాదం కావచ్చు" అని మార్చాను. వారు చెప్పింది నిజం. అందరూ రాస్తున్నారు కదా అని నేనూ రాశాను.

జనవరి సంచికకు సమయం చాలకపోతే తర్వాతి దానికి వేసినా సర్దుకుంటాను. తొందరలో రికవరీ ప్రతి ప్రెస్‌కు వెళ్లకుండా చూడటమే నేను కోరేది. ఫైల్ తెరుచుకుందని, బొమ్మలు 9 కనిపించాయని ఒక లైన్ మెయిల్ వస్తే ఈ టెన్షన్ వదులుతుంది. కంపోజింగ్ అబ్బాయికి నా ధన్యవాదాలు చెప్పండి. ఆ బాక్సుల గురించి అడగకుండా తనే మార్చేసి ఉంటే నాకు అచ్చులోనే తెలిసేది.

ఈ లేఖను సమీక్షకులకు కూడా చూపించే వీలుండాలని కింద పేరు, కళాశాల రాయడం లేదు. నా వివరాలు వ్యాస సంఖ్యతో మీ దగ్గర ఉన్నాయి.

ఇట్లు
వ్యాస సంఖ్య 47/2024 రచయిత్రి

జతచేసినవి: సవరించిన వ్యాసం వర్డ్, పీడీఎఫ్ ప్రతులు