కువైట్ నుంచి మానసకు, చరణ్‌కు అమ్మ వాయిస్ మెసేజ్

మానసా, అమ్మడూ... చరణ్, నాన్నా... అమ్మను మాట్లాడుతున్నా. ఇక్కడ రాత్రి పదకొండు దాటింది. మీకు అక్కడ ఒకటిన్నర దాటి ఉంటుంది, మంచి నిద్రలో ఉంటారు. పొద్దున లేచి మొహం కడుక్కుని, పాలు తాగేటప్పుడు వినండి. బడికి టైమ్ అయిపోతుంటే సగంలో ఆపేసి పోండి, మిగతాది సాయంత్రం వినొచ్చు. ఇది కొంచెం పెద్ద మెసేజే. పక్క గదిలో ముసలామె పడుకుని ఉంది, అందుకని గొంతు తగ్గించి మాట్లాడుతున్నా. సౌండ్ పెంచుకోండి.

ముందు చరణ్‌తో మాట్లాడతా. నాన్నా, పోయిన శుక్రవారం వీడియో కాల్‌లో నీ మొహం తప్ప ఏమీ కనపడలేదు. అక్క ఫోన్‌ను మెడ దాకానే పట్టుకుంది. మధ్యలో నువ్వు నీళ్లు తాగావు చూడు, గ్లాసు ఎడమ చేత్తో ఎత్తావు. నీకు చిన్నప్పటి నుంచి అన్నిటికీ కుడి చెయ్యే. పలక పట్టినా, మామిడి చెట్టుకు రాయి విసిరినా. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తెల్లారి అవ్వకు ఫోన్ చేసి గట్టిగా అడిగితే అప్పుడు చెప్పింది. సైకిల్ మీద నుంచి పడ్డావంట, మోచేతి కింద ఎముక విరిగిందంట, నాయన నిన్ను పుత్తూరు కట్టుకు తీసుకుపోయాడంట. బద్దలు పెట్టి బిగించి కట్టేటప్పుడు నువ్వు కేకలు పెట్టకుండా నాయన చొక్కా పట్టుకుని కూర్చున్నావంట. అవ్వ ఆ మాట చెప్పినప్పుడు నేను ఇక్కడ వంటింట్లో అంట్లు తోముతున్నా. కొళాయి అట్లాగే తిప్పి పెట్టి నిలబడిపోయా.

ఇప్పుడు నొప్పి తగ్గిందా? వేళ్లు కదుపుతున్నావా? కట్టు తడవనివ్వొద్దు. కట్టులో గుడ్డు వాసన వస్తుందని విప్పేయమని మారాం చేస్తున్నావంట. ఆ వాసన అంతే ఉంటుంది నాన్నా, ఓర్చుకోవాల్సిందే. మీ తాత కాలు విరిగినప్పుడు కూడా పుత్తూరులోనే కట్టించాము. కట్టు విప్పే రోజున మాత్రం ఒకసారి ఎక్స్‌రే తీయించమని నాయనకు చెప్పాను. అప్పటి దాకా సైకిల్ ముట్టుకోవద్దు.

మానసా, ఇప్పుడు నీతో. "అమ్మకు చెప్పొద్దు, అమ్మ ఏడుస్తుంది" అని ఇంట్లో అందరి దగ్గరా మాట తీసుకున్నది నువ్వేనంట కదా. నా మీద ప్రేమతోనే అట్లా చేశావని నాకు తెలుసు తల్లీ. తొమ్మిదో తరగతి పిల్లవి, ఇల్లంతా నీ తల మీద వేసుకుని తిరుగుతున్నావు. నీ మీద నాకు కోపం లేదు. కానీ ఒక మాట విను. ఆ రోజు నుంచి నువ్వు "మేం బాగున్నాం అమ్మా" అన్న ప్రతిసారీ నాకు టెన్షన్ మొదలవుతోంది. నిజంగా బాగున్నారా, నా కోసం అంటున్నారా అని నీ గొంతును పట్టి పట్టి వింటున్నా. జ్వరం వస్తే జ్వరం అని చెప్పు. మార్కులు తగ్గితే తగ్గాయని చెప్పు. బడిలో ఎవరైనా ఏమైనా అంటే ఆ రోజే చెప్పు. అన్నీ చెప్తావని తెలిస్తేనే, బాగున్నామన్న రోజు నేను నమ్మి హాయిగా పడుకుంటా. నేను ఏడిస్తే ఏడుస్తాలే. ఏడ్చి, మొహం కడుక్కుని, పని చేసుకుంటా. దానికి నువ్వు భయపడొద్దు. ఇంత దూరంలో ఉన్నా నేను మీ అమ్మనే కదా. మీ కష్టం నాకు తెలియకుండా దాచేస్తే, ఇక నాకు అక్కడ మిగిలేది డబ్బులు పంపే పని ఒక్కటే.

నువ్వు ఒకసారి అడిగావు, "నువ్వే ఎందుకు పోవాలి, నాయన పోవచ్చు కదా" అని. అప్పుడు లైన్ సరిగా లేదు, నేనూ సరిగా చెప్పలేదు. ఇప్పుడు నీకు అర్థమయ్యే వయసు వచ్చింది. 2021 నవంబరులో, కార్తీక పౌర్ణమి నాడు, అన్నమయ్య డ్యామ్ కట్ట తెగి చెయ్యేరు మీద పడింది. నీకు గుర్తుండే ఉంటుంది, తమ్ముణ్ణి చంకన వేసుకుని మనం మిద్దె ఎక్కాము. నీళ్లు పోయాక చూస్తే అరటి తోట లేదు, మనిషి లోతు ఇసుక మేట వేసి ఉంది. ఆ ఇసుక తీయించడానికి, మళ్లీ పిలకలు నాటడానికి నాలుగు లక్షలు అప్పు తెచ్చాము, మూడు రూపాయల వడ్డీకి. అంటే నెలకు పన్నెండు వేలు వడ్డీకే పోతుంది. కూలికి పోయి అంత వడ్డీ కట్టడం ఎవరి వల్లా కాదు. మగవాళ్లు గల్ఫ్‌కు పోవాలంటే వీసాకు ఏజెంటుకు లక్షల్లో కట్టాలి, దానికి మళ్లీ అప్పు. నాకు వచ్చిన ఇంటి పని వీసాకు టికెట్ కూడా ఇక్కడి ఇంటివాళ్లే పెట్టుకున్నారు. పైగా ఈ పనికి ముప్పై ఏళ్లు నిండిన ఆడవాళ్లనే పంపుతారు, నాకు అప్పటికే నిండాయి. నాయన తోట చూసుకునేటట్టు, నేను వచ్చేటట్టు ఇద్దరం కూర్చుని మాట్లాడుకునే నిర్ణయం చేసుకున్నాము. ఎవరూ నన్ను తోసెయ్యలేదు. నాయన మీద మనసులో ఏమైనా పెట్టుకుని ఉంటే తీసేయి. నన్ను మద్రాసులో విమానం ఎక్కించి వెనక్కి వచ్చిన రోజు ఆయన అన్నం ముట్టలేదని అవ్వ చెప్పింది.

ఇక్కడ నాకు నెలకు 120 దినార్లు ఇస్తారు, మన లెక్కలో ముప్పై వేల పైమాటే. అప్పు ఇప్పుడు సగానికి తగ్గింది. ఇంకొకటి, మీ అత్త ఏదో వీడియో చూపించి నిన్ను భయపెట్టిందంట. కొన్ని ఇళ్లలో కష్టాలు ఉన్న మాట నిజమే, అబద్ధం చెప్పను. ఇంటి పనివాళ్ల కోసం ఇక్కడ 2015లో ఒక చట్టం చేశారు. వారానికి ఒక రోజు సెలవు ఇవ్వాలి, పాస్‌పోర్టు యజమాని తన దగ్గర ఉంచుకోకూడదు. అది పాటించని ఇళ్లు ఉన్నాయి. మా ఇంట్లో మాత్రం పాస్‌పోర్టు నా పెట్టెలోనే ఉంది, ఫోను నా చేతిలోనే ఉంది, శుక్రవారం మధ్యాహ్నం నుంచి సెలవు. నాకు ఏదైనా ఇబ్బంది వస్తే నేనూ మీకు చెప్తా. దాచను. ఇద్దరం అట్లాగే ఉందాం.

నేను రోజంతా ఏం చేస్తానో చరణ్ అడుగుతుంటాడు కదా. ఐదున్నరకు లేస్తా. ముసలామెకు షుగర్ చూసి, ఇన్సులిన్ వేసి, ఖుబూస్, జున్ను, పాల టీ ఇస్తా. ఖుబూస్ అంటే మన రొట్టెలాంటిదే, మెత్తగా ఉంటుంది. తరువాత ఇల్లు తుడవడం, బట్టలు, మధ్యాహ్నానికి పెద్ద గిన్నెలో మాంసం వేసిన అన్నం. ఆమెకు మోకాళ్ల నొప్పులు, పట్టుకుని నడిపించాలి. "షువై, షువై" అంటుంది, మెల్లగా మెల్లగా అని. సాయంత్రం పూట కిటికీ దగ్గర కూర్చుని మీ ఫోటో చూపించమంటుంది. మొన్న నీ ఫోటో చూసి, ఈ అమ్మాయి ఇంత పొడుగైందా అని చేతితో చూపించింది. ఆమె అట్లా చూపించేసరికి నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. నీ జడ నువ్వే వేసుకుంటున్నావు ఇప్పుడు. పాపిడి ఎడమ పక్కకు పోతోంది, చూసుకో. నేను తీస్తే నడిమధ్యకు వచ్చేది.

బయట ఎండ యాభై డిగ్రీలు. నేను ఇంట్లోనే, ఏసీలోనే ఉంటాలే, నా గురించి దిగులు పడొద్దు. మన సంగటి మీదకే మనసు పోతుంది. శుక్రవారం మాలియాకు పోతే మన రాజంపేట, కోడూరు, రాయచోటి వాళ్లు కనపడతారు, చెనిక్కాయల ఊరిబిండి చేసి డబ్బాలో తెచ్చి పెడతారు. అందరం పిల్లల ఫోటోలు ఒకరికొకరు చూపించుకుంటాము. మాకు అక్కడ వేరే మాటే ఉండదు.

చరణ్, ఇంకొక మాట నాన్నా. కాల్ చేసినప్పుడు రెండు మాటలు మాట్లాడి ఆటకు పరిగెత్తుతావని అక్క నిన్ను తిడుతుందంట. తిట్టొద్దని చెప్పు. నువ్వు ఆడుకోవాలనే కదా నేను ఇక్కడ ఉండేది. ఫోన్ అక్కడ పెట్టేసి పో, వీధిలో నీ అరుపులు వినపడినా నాకు చాలు. మాట్లాడబుద్ధి కాకపోయినా, నా మీద కోపం వచ్చినా ఫర్వాలేదు. "అమ్మా, నువ్వు నా పుట్టినరోజుకు రాలేదు" అని అరవాలనిపిస్తే అరువు. వింటా.

దసరాకు ముందు ఒక పెట్టె కార్గోలో వేస్తున్నా. పాలపొడి, టాంగ్, ఖర్జూరాలు, అవ్వకు మోకాళ్లకు రాసుకునే బామ్, ఒక దుప్పటి. మానసా, నువ్వొక పని చేయాలి. తెల్ల కాగితం కింద పెట్టి, దాని మీద తమ్ముణ్ణి నిలబెట్టి, పాదం చుట్టూ పెన్సిల్‌తో గీయి. మడమ నుంచి బొటనవేలు దాకా స్కేలుతో కొలిచి నాకు పంపించు. నీది కూడా. పోయినసారి అంచనా మీద కొన్న బూట్లు వాడికి రెండు నెలలకే బిగుతయ్యాయి. వాకిలి దర్వాజాకు మీ ఎత్తులు గీసిన గీతలు ఉన్నాయి కదా, ఈ ఆదివారం కొత్త గీతలు గీసి ఫోటో తీసి పెట్టు.

ఎప్పుడొస్తావు అంటే, ఈ అగ్రిమెంటు మార్చికి అయిపోతుంది. ఇంటామెను అడిగాను, టికెట్ తీస్తామంది. ఒంటిమిట్ట రాములవారి కల్యాణానికి ఇంట్లో ఉండాలని నా ఆశ. తేదీ చేతికి వచ్చే దాకా ఖాయంగా మాటివ్వను, మీరు రోజులు లెక్కపెట్టుకుని బాధపడతారు. టికెట్ వచ్చిన నిమిషానికి ఫోటో మీకే ముందు పంపిస్తా, నాయన కంటే ముందు. అప్పు మొత్తం తీరే దాకా ఇంకొకసారి రావాల్సి ఉంటుందేమో కూడా అప్పుడే నలుగురం కూర్చుని మాట్లాడుకుందాం. ఈసారి నిన్ను కూడా కూర్చోబెడతా మానసా, నీ మాట కూడా వింటాం.

సరే, ముసలామె లేచినట్టుంది. అవ్వకు బీపీ మాత్ర ఇచ్చావా అడుగు, ఆమె మరిచిపోతుంది. ఇది నాయనకు కూడా వినిపించు. చరణ్, నువ్వు టైప్ చేయొద్దు, చెయ్యి నొప్పి పెడుతుంది. మైకు నొక్కి మాట్లాడు, కట్టు ఫోటో కూడా పెట్టమని అక్కకు చెప్పు. ఉంటా నాన్నా, ఉంటా అమ్మడూ. జాగ్రత్తగా పోయి రండి బడికి.