కాస్త నీళ్లు తాగు చిన్నా

ఒంగోలు,
13-4-2025, ఆదివారం

చిన్నా,

ఫోన్‌లో చెబితే "సరే అమ్మా, సరే అమ్మా" అని పెట్టేస్తావు, అందుకే కూర్చుని రాస్తున్నాను, విసుక్కోకుండా చివరిదాకా చదువు. నిన్న వీడియో కాల్‌లో నీ పెదాలు పగిలిపోయి ఉన్నాయి. అడిగితే ఎండలమ్మా అన్నావు. సాయంత్రమైతే తలనొప్పని చెల్లితో, మూత్రం ముదురు పసుపుగా వస్తోంది, మంటగా కూడా ఉందని నాన్నతో చెప్పావట. నాకు తప్ప అందరికీ చెప్పావు.

నీ కాఫీ లెక్క నువ్వే చెప్పావు కదా. టిఫిన్‌తో ఒకటి, పదకొండింటికి క్యాంటీన్‌లో ఒకటి, అన్నం తిన్నాక ఒకటి, సాయంత్రం ఒకటి, రాత్రి చదువుకుంటూ రూములో కెటిల్ పెట్టుకుని ఇంకో రెండు. మొత్తం ఆరు. నీళ్లేమో రోజంతా కలిపి ఒక బాటిల్, అదీ సగం మిగిలే ఉంటుంది. విజయవాడ ఎండలో, ఆ ఉక్కలో, చెమటకి పోయేదే అంతకంటే ఎక్కువ ఉంటుంది నాన్నా.

కాఫీలోనూ నీళ్లే కదా అంటావు. నిజమే, నేను కాదనను, కాఫీ పూర్తిగా మానేయమనీ అనను. ఇంట్లో నాకూ పొద్దున్నే పడందే తోచదు. కానీ నువ్వు దాన్ని నిద్రకి బదులు తాగుతున్నావు, అదే నా బాధ. కాఫీ అలసట తీర్చదు, అలసిపోయావని మెదడుకి తెలియకుండా కాసేపు అడ్డుపడుతుంది, అంతే. తాగిన అయిదారు గంటలకి కూడా అందులో సగం ఒంట్లోనే ఉంటుంది. రాత్రి పదకొండుకి తాగితే తెల్లవారుజామున నాలుగింటికి కూడా అది పని చేస్తూనే ఉంటుంది, నువ్వు పడుకున్నా నిద్ర పట్టినట్టుండదు, లేవగానే తల బరువు, మళ్లీ కాఫీ. కప్పుకి రెండు చెంచాల చక్కెర వేసుకుంటావు, ఆరు కప్పులకి పన్నెండు చెంచాలు, ఆ సంగతి కూడా చూసుకో. టిఫిన్‌తో కలిపి తాగితే తిన్నదాంట్లో ఐరన్ కూడా సరిగ్గా ఒంటబట్టదు, గంట ఆగి తాగు.

ఒక్కసారిగా మానేస్తే తలనొప్పి ఎక్కువవుతుంది, పరీక్షల ముందు ఆ పని చేయకు. ముందు రాత్రివి రెండూ తగ్గించు, మూడు నాలుగు రోజులకి ఒకటి చొప్పున. తర్వాత అన్నం తిన్నాక తాగేది. పొద్దునొకటి, సాయంత్రం నాలుగు లోపు ఒకటి ఉంచుకో, నేనేమీ అనను.

ఇక నీళ్లు. నువ్వెందుకు తాగవో నాకు తెలుసురా. క్లాసు మధ్యలో లేచి వెళ్లాలంటే మొహమాటం, కాలేజీ బాత్రూములు బాగుండవు, అందుకని అసలు తాగడమే మానేశావు. చెల్లి స్కూల్లోనూ పిల్లలు ఇదే చేస్తారు. మూత్రం ఆపుకోవడం, నీళ్లు మానేయడం రెండూ కలిస్తే ఇన్‌ఫెక్షన్ వస్తుంది, రాళ్లూ వస్తాయి. పోయిన వేసవిలో బాబాయి కిడ్నీలో రాయితో నేల మీద దొర్లుతుంటే నువ్వే కదా ఆటో పిలిచి హాస్పిటల్‌కి తీసుకెళ్లింది? డాక్టరు మొదట అడిగింది రోజుకి ఎన్ని నీళ్లు తాగుతారనే. లెక్చరర్‌ని అడిగి బయటికి వెళ్లడం తప్పేమీ కాదు, ఎవరైనా నవ్వితే నవ్వనీ.

లేవగానే పళ్లు తోముకుని ఒక పెద్ద గ్లాసు తాగు. లీటరు బాటిల్ పొద్దున నింపుకెళ్తే మధ్యాహ్నానికి ఖాళీ అవ్వాలి, సాయంత్రానికి ఇంకొకటి, రాత్రికి ఇంకొకటి. గటగటా ఒకేసారి తాగేయకు, కొంచెం కొంచెంగా. కూల్‌డ్రింకులు లెక్కలోకి రావు, మజ్జిగ, ఉప్పేసిన నిమ్మరసం, కొబ్బరినీళ్లు వస్తాయి. మూత్రం లేత పసుపులో ఉంటే చాలు, నీళ్లు సరిపోతున్నట్టే.

మంట రెండు రోజుల్లో తగ్గకపోయినా, జ్వరం వచ్చినా, నడుము పక్కన నొప్పి వచ్చినా వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లు, వెళ్లి నాకు ఫోన్ చెయ్యి. డబ్బుల గురించి ఆలోచించకు, నాన్న నీ అకౌంట్‌లో వేస్తానన్నారు.

పరీక్షలని నాకూ టెన్షన్‌గానే ఉంది, నువ్వు బాగా రాయాలనే కోరుకుంటాను. కానీ ఒకటిన్నర దాకా మేలుకుని చదివింది పొద్దున హాల్లో గుర్తు రాకపోతే ఏం లాభం? పదకొండున్నరకి పడుకుని అయిదింటికి లే, కావాలంటే నేను ఫోన్ చేసి లేపుతాను.

వచ్చే ఆదివారం మామయ్య విజయవాడ వస్తున్నాడు. లీటరు స్టీలు బాటిల్, సబ్జా గింజలు, జావకి రాగిపిండి, నువ్వడిగిన సున్నుండలు పంపిస్తున్నాను. ఇంకేమైనా కావాలంటే శుక్రవారం లోపు చెప్పు, సామాను కట్టేస్తాను.

అమ్మ