సిలబుల్ విడదీయడం: చెవితో చేసే లెక్క

"అమ్మ" అనే మాటను సిలబుల్స్‌గా, అంటే ఒక్కో దెబ్బలో పలికే ముక్కలుగా, విడదీయమంటే చాలామంది "అ – మ్మ" అని రాస్తారు. రాతలో అది సరే, పలుకులో కాదు. గడ్డం కింద చెయ్యి పెట్టుకుని నెమ్మదిగా "అమ్మ" అనండి. మొదటి దెబ్బలోనే పెదవులు మూసుకుంటాయి. అంటే మొదటి మకారం "అ"తోనే పోయింది: అమ్.మ.

సిలబుల్‌కు ప్రాణం అచ్చు. దాన్నే న్యూక్లియస్ అంటారు, అది లేకుండా సిలబుల్ లేదు. దాని ముందు వచ్చే హల్లు ఆన్‌సెట్, వెనక వచ్చి మూసేది కోడా. ఈ రెండూ ఉండొచ్చు, లేకపోవచ్చు. "ఊరు"లో ఊ.రు: మొదటిదానికి ఆన్‌సెట్ లేదు, దేనికీ కోడా లేదు. "పుస్తకం"లో పుస్.త.కమ్: మొదటిదానికీ చివరిదానికీ కోడా ఉంది. సున్నాను చూసి ఆగిపోకండి, అక్కడ పలికేది ఒక హల్లు.

అచ్చుల మధ్య హల్లు ఒక్కటే ఉంటే అది తర్వాతి అచ్చుకే చెందుతుంది: ప.ల.క. రెండు ఉంటే మొదటిది ముందున్న అచ్చుతో, రెండోది తర్వాతి అచ్చుతో పోతుంది. "చక్రం" దగ్గర సందేహం వస్తుంది, చ.క్రమ్ కాకూడదా అని. దీనికి మన ఛందస్సే సాక్ష్యం. సంయుక్తాక్షరానికి ముందున్న అక్షరం గురువు అని చిన్నప్పుడే బట్టీ పట్టాం కదా, అది ఎందుకో అప్పుడు ఎవరూ చెప్పలేదు. "చ" హ్రస్వమే అయినా, కకారం కోడాగా వచ్చి దాన్ని మూసింది, అందుకే బరువెక్కింది: చక్.రమ్. గణవిభజన చేసిన ప్రతిసారీ మీరు సిలబుల్ బరువునే తూస్తున్నారు. హల్లులు మూడు ఉంటే, "మంత్రి"లోలాగా, సున్నా కోడా అవుతుంది, మిగతా రెండూ ఆన్‌సెట్: మన్.త్రి.

అభ్యాసం 1. పైకి పలుకుతూ విడదీయండి: గుమ్మడి, ఆకాశం, తుంపర, విద్యార్థి, ఇంద్రధనుస్సు.

అభ్యాసం 2. "పత్రిక"ను విడదీసి, ఏది గురువో, ఎందుకో ఒక్క వాక్యంలో రాయండి.

అభ్యాసం 3. ఇంగ్లీషు "బస్" తెలుగులో "బస్సు" అయింది. "స్కూల్"ను పల్లెల్లో "ఇస్కూలు" అనడం వినే ఉంటారు. రెండింటినీ విడదీసి, ఏం మారిందో చెప్పండి.

జవాబులు

1. గుమ్.మ.డి, ఆ.కా.శమ్, తుమ్.ప.ర, విద్.యార్.థి, ఇన్.ద్ర.ధ.నుస్.సు. విద్యార్థిలో "వి.ద్యా.ర్థి" అని రాసినవారు మళ్లీ పలికి చూడండి, రకారం "యా" వెంటే వెళ్తుంది.

2. పత్.రి.క. మొదటిది గురువు, తకారం కోడాగా దాన్ని మూసింది కాబట్టి. మిగిలిన రెండూ లఘువులు.

3. బస్.సు: చివరి సకారం రెట్టించి, దానికి "ఉ" అనే అచ్చు తోడై, మాట అచ్చుతో ముగిసింది. ఇస్.కూ.లు: మొదట్లో రెండు హల్లుల ఆన్‌సెట్ కష్టమై ముందు "ఇ" వచ్చింది, సకారం దానికి కోడా అయింది. చివరి లకారానికి "ఉ" దొరికి అది ఆన్‌సెట్ అయింది. ఇస్కూలు అనే పిల్లవాణ్ణి తప్పు పలికావని గద్దించకండి, వాడు తన భాష సిలబుల్ నియమాన్ని అక్షరాలా పాటిస్తున్నాడు.