ప్రొబేషన్ పూర్తి, ఉద్యోగ ఖరారు ఉత్తరం

పాల శీతలీకరణ కేంద్రం, గిద్దలూరు
ప్రకాశం జిల్లా
తేదీ: 4 మే 2024
ఉత్తరం నంబరు: సిబ్బంది/17/2024

శిరీష గారికి,
ల్యాబ్ అసిస్టెంట్, పాల పరీక్ష విభాగం

విషయం: ప్రొబేషన్ ముగింపు, 6 మే 2024 నుంచి ఉద్యోగ ఖరారు, కొత్త జీతం, షరతులు

నమస్కారం.

మీరు 6 నవంబరు 2023న మన కేంద్రంలో చేరారు. అప్పుడు అనుకున్న ఆరు నెలల ప్రొబేషన్ రేపటితో, అంటే 5 మే 2024తో పూర్తవుతుంది. మీ పని చూసి, ల్యాబ్ ఇన్‌చార్జ్‌తోనూ డాక్ సూపర్‌వైజర్‌తోనూ మాట్లాడి, 6 మే 2024 సోమవారం నుంచి మిమ్మల్ని శాశ్వత ఉద్యోగిగా ఖరారు చేస్తున్నాం. ఆ రోజు నుంచి మీ హోదా ల్యాబ్ టెక్నీషియన్.

జీతం వివరాల కన్నా ముందు ఒక విషయం రాయాలి. ఫిబ్రవరి మొదటి వారంలో మీకిచ్చిన మూడు నెలల సమీక్షలో "వెన్న రీడింగుల్లో నిలకడ లేదు" అని నేనే రాశాను. జనవరిలో పాల కేంద్రాల సెక్రటరీల నుంచి 21 తేడా చీటీలు వచ్చాయి. ఊళ్లో వచ్చిన వెన్న శాతానికీ మన దగ్గర వచ్చిన దానికీ పొంతన లేదన్నది వాళ్ల ఫిర్యాదు. కొత్తగా వచ్చింది మీరే కాబట్టి లోపం మీ చేతిలోనే ఉందనుకున్నాను. ఆ సమీక్ష మీకు ఎంత టెన్షన్ పెట్టిందో తర్వాత తెలిసింది.

మీరు వాదనకు రాలేదు. ముందు చీటీలన్నీ రూట్ల వారీగా విడదీశారు. 21లో 16 మూడో రూటువే, అందులోనూ లారీ మొదట ఆగే మూడు ఊళ్లవే అని తేలింది. ఆ క్యాన్లు మన డాక్‌కు చేరేసరికి దాదాపు రెండు గంటలు దాటుతుంది. ఆలోపు మీగడ పైకి తేలుతుంది. డాక్ దగ్గర క్యాను కలపకుండానే శాంపిల్ తీస్తున్నారు. గరిటె పైపైన ముంచితే వెన్న ఎక్కువ, లోపలికి దింపితే తక్కువ. ఫిబ్రవరి 12 నుంచి 21 వరకు పది రోజుల పాటు ఒకే క్యాను నుంచి కలపకముందు ఒకటి, కలిపాక ఒకటి శాంపిల్ తీసి, రెండింటికీ గెర్బర్ పరీక్ష చేసి నోటుబుక్కులో రాశారు. రోజువారీ పని ఒక్కటీ ఆపకుండా చేశారు. కొన్ని క్యాన్లలో రెండు రీడింగుల మధ్య తేడా 0.3 దాకా ఉంది.

0.3 అంటే వినడానికి చిన్నదే. కానీ మనమిచ్చే కిలో వెన్న రేటు ప్రకారం, రోజుకు ఎనిమిది లీటర్ల గేదె పాలు పోసే ఇంటికి పదిహేను రోజుల బిల్లులో అది సుమారు 270 రూపాయలు. దాణా బస్తా అప్పు మీద తెచ్చుకునే ఇంట్లో ఆ డబ్బు లెక్కలోకి వస్తుంది. మీ నోటుబుక్కు చివరి పేజీలో ఈ లెక్క కూడా వేసి ఉండటం చూసి, ఈ ఉద్యోగం ఎవరి కోసమో మీకు తెలుసని నాకు అర్థమైంది.

మార్చి 1 నుంచి ప్రతి క్యానునూ ప్లంజర్‌తో పదిసార్లు పైకీ కిందికీ కలిపాకే శాంపిల్ తీయాలన్న నియమం పెట్టాం. ఏప్రిల్‌లో వచ్చిన తేడా చీటీలు మూడు. ఫిబ్రవరి సమీక్షలో నేను రాసిన ఆ మాట తప్పు. దాన్ని వెనక్కి తీసుకుంటూ మీ సర్వీసు ఫైల్లో నోట్ పెట్టాను. దాని కాపీ ఈ ఉత్తరంతో జతచేశాను.

రెండోది శ్రీరామనవమి రాత్రి సంగతి. ఏప్రిల్ 17న సాయంత్రం 7:40కి కరెంటు పోయింది, జనరేటర్ అందుకోలేదు, ఆపరేటర్ సెలవులో ఉన్నాడు. ట్యాంకులో 3,800 లీటర్లు. సాయంత్రం పాలు అప్పుడే పోశారు కాబట్టి వేడి 12 డిగ్రీల దగ్గరుంది. 4 డిగ్రీలకు దిగాల్సిన పాలవి. మీరు వెంటనే ట్యాంకు మూత ఎవరూ తెరవకుండా చూశారు, ప్రధాన డెయిరీకి ఫోన్ చేసి ట్యాంకర్‌ను ముందుగా రప్పించారు. పావుగంటకోసారి వేడి రాసి పెట్టారు, ట్యాంకర్ ఎక్కించే ముందు ఆమ్లత పరీక్షా, మరిగించి చూసే విరుగుడు పరీక్షా రెండూ చేశారు. ట్యాంకర్ 10:20కి వచ్చింది. అక్కడి ల్యాబ్ ఆ పాలను తీసుకుంది. మీరు రాసిన వేడి లెక్క చేతిలో లేకపోతే తీసుకునేవాళ్లు కాదని వాళ్లే చెప్పారు.

సరిదిద్దుకోవాల్సినవి రెండున్నాయి. సల్ఫ్యూరిక్ ఆమ్లం పోసేటప్పుడు, రద్దీ ఎక్కువున్న పూట, కళ్లద్దాలు పెట్టుకోవడం మర్చిపోతున్నారు. ఈ విషయంలో మినహాయింపు ఉండదు. మీ కళ్ల కన్నా ఏ రద్దీ ఎక్కువ కాదు. ఇక రీడింగులను షిఫ్టు చివర ఒకేసారి కాకుండా ఎప్పటికప్పుడు రిజిస్టర్‌లో ఎక్కించండి.

ఇక షరతులు. మీ నెల జీతం 16,500 నుంచి 19,200 రూపాయలకు పెరుగుతుంది. ఇందులో బేసిక్, డీఏ కలిపి 15,000, ఇంటద్దె భత్యం 4,200. కోతలు ఇలా ఉంటాయి:

పీఎఫ్ (15,000పై 12 శాతం): 1,800
ఈఎస్ఐ (19,200పై 0.75 శాతం): 144
వృత్తి పన్ను: 150
చేతికి వచ్చేది: 17,106 రూపాయలు

పీఎఫ్‌కు సంస్థ కూడా మరో 1,800 కడుతుంది. అందులో 1,250 పెన్షన్ పథకానికి, మిగతా 550 మీ పీఎఫ్ ఖాతాకు వెళ్తాయి. ఈఎస్ఐకి సంస్థ వాటా 3.25 శాతం, అంటే 624 రూపాయలు. మీ పాత యూఏఎన్ నంబరే కొనసాగుతుంది. గ్రాట్యుటీకి మీ సర్వీసును ఈ ఖరారు తేదీ నుంచి కాకుండా చేరిన రోజు, 6 నవంబరు 2023 నుంచే లెక్కిస్తాం. చాలామంది ఇక్కడే పొరబడుతుంటారు కాబట్టి ప్రత్యేకంగా రాస్తున్నాను.

క్యాజువల్ సెలవులు ఏడాదికి 12. ఈ ఏడాది మిగిలిన నెలలకు 8 వస్తాయి. ఆర్జిత సెలవు ప్రతి 20 పనిదినాలకు ఒకటి. నోటీసు వ్యవధి ఇప్పటిదాకా ఇరువైపులా 15 రోజులు, ఇకపై ఇరువైపులా ఒక నెల. వారానికి ఒక సెలవు, ఉదయం, సాయంత్రం షిఫ్టుల మార్పు ఇప్పటిలాగే ఉంటాయి. ఉదయం షిఫ్టు 5 గంటలకే మొదలవుతుంది కాబట్టి, మీరు అడిగినట్టు ఆ వారాల్లో రెండో రూటు వ్యాన్ మిమ్మల్ని ఇంటి దగ్గర ఎక్కించుకుంటుంది. డ్రైవర్‌కు చెప్పాం.

కొత్త హోదాలో ఒక బాధ్యత అదనంగా చేరుతుంది. నెలకు రెండు రోజులు పాల కేంద్రాలకు వెళ్లి అక్కడి టెస్టర్లకు శాంపిల్ తీయడం, గెర్బర్ పరీక్ష చేయడం చూపించాలి. మూడో రూటుతో మొదలుపెట్టండి. ఆ రోజుల్లో ప్రయాణ ఖర్చు, భోజనానికి 150 రూపాయలు విడిగా ఇస్తాం. మీ తదుపరి జీతం సమీక్ష ఏప్రిల్ 2025లో.

ఈ షరతులు మీకు సమ్మతమైతే రెండో కాపీపై సంతకం చేసి మే 10లోగా ఆఫీసులో ఇవ్వండి. ఏదైనా అర్థం కాకపోతే సంతకానికి ముందే నా దగ్గరకు రండి, కూర్చుని చూద్దాం. మీ నోటుబుక్కు ఇంకా నా టేబుల్ మీదే ఉంది. సోమవారం వచ్చినప్పుడు తీసుకెళ్లండి, మూడో రూటు టెస్టర్లకు చూపించడానికి అది కావాలి.

అభినందనలతో,

మేనేజర్
పాల శీతలీకరణ కేంద్రం, గిద్దలూరు

జతచేసినవి: సర్వీసు ఫైలు నోట్ కాపీ, ఈ ఉత్తరం రెండో కాపీ
ప్రతులు: ల్యాబ్ ఇన్‌చార్జ్, జీతాల విభాగం