సెలైన్ వేగం: నిమిషానికి ఎన్ని చుక్కలు?

ఆర్డర్: నార్మల్ సెలైన్ 1000 మి.లీ., 8 గంటల్లో. క్లాంప్ తిప్పే ముందు నిమిషానికి ఎన్ని చుక్కలు పడాలో తేలాలి.

మొదట సెట్ ప్యాకెట్ చదవండి. ఒక మి.లీ.కి ఎన్ని చుక్కలో, అంటే డ్రాప్ ఫ్యాక్టర్, దానిమీదే అచ్చువేసి ఉంటుంది. మాక్రో సెట్లలో 10, 15 లేదా 20. మైక్రో సెట్‌లో 60. నిన్నటి సెట్ 20 కాబట్టి ఇవాళ్టిదీ అంతేనని అనుకోవద్దు.

```
చుక్కలు/నిమిషం = మి.లీ. × డ్రాప్ ఫ్యాక్టర్ ÷ నిమిషాలు
```

8 గంటలంటే 480 నిమిషాలు. 20 సెట్‌తో 1000 × 20 ÷ 480 = 41.67. అర చుక్క పడదు కాబట్టి 42. అదే 15 సెట్ అయితే 31. అందుకే చుక్కల సంఖ్య ఒక్కటే చెప్పి డ్యూటీ అప్పగిస్తే చాలదు, సెట్ ఏదో కూడా చెప్పాలి. పంపు ఉంటే చుక్కలతో పని లేదు: 1000 ÷ 8, గంటకు 125 మి.లీ. అని పెడతారు.

మైక్రో సెట్‌లో ఒక సుఖం ఉంది. 60 చుక్కలూ 60 నిమిషాలూ కొట్టుకుపోతాయి, గంటకు ఎన్ని మి.లీ. పోవాలో నిమిషానికి అన్నే చుక్కలు. గంటకు 30 మి.లీ. అంటే 30 చుక్కలు.

డ్రిప్ చాంబర్ సగం వరకే నిండాలి. పూర్తిగా నిండితే చుక్క కనబడదు. వాచీని చాంబర్ పక్కన పెట్టి లెక్కించండి. 42 కావాలంటే 15 సెకన్లలో 10 లేదా 11 పడాలి. సరిచేశాక పూర్తి నిమిషం లెక్కించి చూడండి. రోగి చేయి మడిచినా, బాటిల్ ఎత్తు మారినా వేగం మారిపోతుంది. అందుకే ఒకసారి సరిచేసి వదిలేయకూడదు.

బరువును బట్టి ఇచ్చే మందుల్లోనే అసలు ప్రమాదం. డోపమైన్ కిలోకు నిమిషానికి 5 మైక్రోగ్రాములు, రోగి 60 కిలోలు, 250 మి.లీ.లో 200 మి.గ్రా. కలిపారు. ముందు గాఢత: 2,00,000 మైక్రోగ్రాములు ÷ 250 = మి.లీ.కి 800. నిమిషానికి కావాల్సింది 5 × 60 = 300, గంటకు 18,000. దాన్ని 800తో భాగిస్తే గంటకు 22.5 మి.లీ. ఇది పంపు మీదే పెట్టాలి. మిల్లీగ్రామును మైక్రోగ్రాముగా మార్చేటప్పుడు ఒక్క సున్నా జారితే డోసు పది రెట్లు తప్పుతుంది. వెనక్కి లెక్కకట్టి చూడండి: 22.5 × 800 ÷ 60 ÷ 60 = 5. ఇంకొకరితో విడిగా కట్టించండి. మీ కాగితం చూపించి 'సరేనా' అని అడిగితే మీ తప్పే వాళ్లకూ ఒప్పుగా కనిపిస్తుంది.

మన 1000 మి.లీ. మూడు గంటల్లో 375 పోవాల్సింది, 250 మాత్రమే పోయిందనుకోండి. క్లాంప్ పూర్తిగా తెరిచేయకండి. గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లకూ, పెద్దవయసువాళ్లకూ ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. సూది ఉన్నచోట వాపు ఉందా, ట్యూబ్ మడత పడిందా చూడండి. మిగిలిన 750 ఐదు గంటల్లో పోవాలంటే గంటకు 150, 20 సెట్‌తో 50 చుక్కలు. ఆ సంఖ్య డాక్టర్‌కు చెప్పి, ఒప్పుకున్నాకే వేగం పెంచండి. మార్చిన టైము చార్టులో రాయండి.