మంచె మీద మనిషి, పైన పాలపుంత: అక్టోబరు ముఖచిత్రానికి ప్రాంప్ట్

పిల్లల సైన్సు మాసపత్రిక ముఖచిత్రం కోసం ఒక రాత్రి దృశ్యం. నిలువు చిత్రం, 3:4 కొలత. చూడగానే ఫొటో అనిపించాలి. రంగులేసిన బొమ్మలాగో, సినిమా పోస్టరులాగో ఉండకూడదు. అనంతపురం జిల్లాలో ఒక వేరుశనగ చేను, మా వైపు మాటలో చెనిక్కాయ చేను. ఆశ్వయుజ అమావాస్యకు రెండు రోజుల ముందు, రాత్రి ఏడున్నర. చంద్రుడు లేడు. పొద్దుగుంకి గంటన్నర దాటింది కాబట్టి పడమట ఎర్రదనం ఏమాత్రం మిగల్లేదు. కెమెరా నైరుతి వైపు చూస్తోంది.

చిత్రంలో ఆరింట అయిదు వంతులు ఆకాశమే. నేల అడుగున ఒక సన్నటి పట్టీ, అంతే. పాలపుంత ఎడమవైపు కింద, నేల అంచు నుంచి మొదలై కుడివైపుకు వాలుతూ పై అంచు దాకా ఎక్కాలి. అడ్డంగా పడుకున్న విల్లులా వద్దు. అక్టోబరు సాయంత్రం మన దగ్గర అది అలా కనబడదు, నిలబడి ఉంటుంది. నేలకు దగ్గరగా దుమ్ము పొరలో మసకబారాలి. అక్కణ్ణుంచి కొంచెం పైకి, ఆకాశం ఎత్తులో మూడో వంతు దగ్గర, అన్నిటికంటే లావుగా, కాంతిగా ఉబ్బాలి. మన గెలాక్సీ నడిబొడ్డు ఉన్న దిక్కు అదే. పైకి పోయేకొద్దీ సన్నబడి పలచనవ్వాలి.

ఆ పట్టీ తెల్లటి పొగలా ఉంటే పనికిరాదు. లెక్కపెట్టలేనన్ని సన్నటి చుక్కలు కలిసిపోతే వచ్చిన వెలుతురులా ఉండాలి. కొన్నిచోట్ల ఇసుక చల్లినట్టు, కొన్నిచోట్ల పాలమీగడ ముడతలు పడ్డట్టు. దాని నడుమ పొడవునా నల్లటి చీలికలు, కొమ్మలు విరిసిన మోడులా. ఆ నలుపు చుక్కలు లేని ఖాళీ కాదు, వెనకాల చుక్కల్ని కప్పేస్తున్న ధూళి మేఘాలు. అందుకని కత్తిరించిన అంచుల్లా కాకుండా, ఉన్ని పీకినట్టు చిరుగు చిరుగుగా ఉండాలి. ఉబ్బిన భాగంలో లేత గోధుమ, కొంచెం పసుపు. అక్కడే ఒకటి రెండు చిన్న గులాబి మచ్చలు, వేలి గోరంత కూడా వద్దు. మిగతా ఆకాశం నలుపు కలిసిన నీలం. ఊదా, వంకాయ రంగు మాత్రం వద్దే వద్దు. పోయిన నెల వచ్చిన మూడు బొమ్మల్నీ ఆ రంగే పాడుచేసింది.

చుక్కల గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే లోపలి పేజీలో ఆకాశపటం వేస్తున్నాం. పిల్లలు దాన్నీ అట్టనూ పక్కపక్కన పెట్టి చూస్తారు, తప్పు పట్టుకుంటారు కూడా. పాలపుంత ఉబ్బిన భాగానికి దిగువన వృశ్చికం అస్తమిస్తూ ఉండాలి. తేలు దాదాపు అడ్డంగా పడుకుంది. తల కుడివైపు, నేల అంచుకు బాగా దగ్గర్లో. తోక ఎడమవైపు, తలకంటే కొద్దిగా ఎత్తులో కొక్కెంలా తిరిగి ఉంది. తేలు గుండె దగ్గర జ్యేష్ఠ, ఎర్రటి చుక్క, కింద దుమ్ము వల్ల కొంచెం మసగ్గా. కొక్కెం చివర మూల. తోకకు పైన ధనుస్సు చుక్కలు టీ కెటిల్ ఆకారంలో ఉండాలి. కెటిల్ మూతి కుడివైపు కిందికి వంగి, ఉబ్బిన భాగంలోకి టీ పోస్తున్నట్టుండాలి. చిత్రం పై అంచుకు దగ్గర, కుడివైపు శ్రవణం, తెల్లగా మెరుస్తూ, దానికి అటొకటి ఇటొకటి చిన్న చుక్కలు. ఇవి తప్ప మరే చుక్కా మరీ పెద్దగా మెరవకూడదు. చుక్కలకు నాలుగు మూలల కిరణాలు, సిలువ మెరుపులు ఉండకూడదు. కొన్ని చుక్కలకు లేత నీలం, కొన్నిటికి లేత నారింజ, ఎక్కువ భాగం తెలుపు.

ఎక్కువసేపు షట్టర్ తెరిచి తీసిన ఫొటో అనిపించాలి: 20 ఎంఎం లెన్సు, ఎఫ్ 2.8, 20 సెకన్లు, ఐఎస్ఓ 3200. చుక్కలు చుక్కలుగానే ఉండాలి, గీతలు కాకూడదు, వలయాలు అసలే వద్దు. ఇరవై సెకన్లు గడిచాయన్న సంగతి నేల మీద తెలియాలి. గాలికి చేను అంచున గడ్డి పరకలు మసకమసగ్గా కదిలి ఉంటాయి. దూరంగా గట్టు మీద ఎవరో టార్చి పట్టుకుని నడిచిపోయారు, మనిషి కనబడడు, ఆ టార్చి వెలుతురు మాత్రం తెగుతూ తెగుతూ సన్నటి పసుపు గీతలా మిగిలింది. ఆ గీత చిత్రం వెడల్పులో పదో వంతు మించకూడదు. చీకటి భాగాల్లో కొద్దిపాటి గరుకు ఉంటే మంచిదే, మరీ నున్నగా తుడిచేస్తే నమ్మబుద్ధి కాదు.

ఎడమవైపు మూడో వంతులో, పాలపుంత నేలను తాకే చోటుకు కొంచెం పక్కన, ఒక మంచె. నాలుగు గుంజలు, పైన కట్టెల తట్టు, దానిమీద ఈతాకు కప్పు సగమే ఉంది. గుంజకు ఒక డబ్బా వేలాడుతోంది, పందులొస్తే వాయించడానికి. మంచె అంచున ఒక మనిషి నిలబడి ఉన్నాడు. భుజాల మీద కంబళి, చేతిలో కర్ర. తల కొంచెం పైకెత్తి ఉంది, కానీ చెయ్యి చాపి చుక్కల్ని చూపిస్తూ నిలబడకూడదు. కాపలాకు వచ్చినవాడు ఫొటోకి నిలబడడు. మంచె మొత్తం ఎత్తు చిత్రంలో పన్నెండో వంతు. మనిషి పాతికో వంతు, అంతకు మించితే ఆకాశం చిన్నదైపోతుంది. పూర్తిగా నల్లటి నీడ ఆకారమే. ముఖం, బట్టల మడతలు, కళ్ళు ఏవీ కనబడకూడదు. వెనక ఆకాశం వెలుతురు వల్లే అంచు తెలియాలి. తల, కర్ర కొస నేలలో కలిసిపోకుండా ఆకాశం మీదే పడాలి, లేకపోతే అది మనిషో గుంజో తెలియదు. మంచె తేలు చుక్కల్ని కప్పకూడదు.

చేను మోకాలెత్తు కూడా లేదు, సాళ్ళు మాత్రం తెలుస్తాయి. వేరుశనగ ఆకులు రాత్రిపూట జతలుగా ముడుచుకుంటాయి, దగ్గరగా కనబడే మొక్కల్లో అది కనిపిస్తే నాకు చాలా సంతోషం. చేను వెనక రాతిగుండ్లు పేర్చినట్టున్న ఒక చిన్న గుట్ట, నల్లగా. కుడి చివర గుట్ట వెనక ఎక్కడో ఊరుంది, దాని దీపాల నారింజ కాంతి చాలా పలచగా. కొబ్బరిచెట్లు, నది, సరస్సు, మంచుకొండలు, పైన్ చెట్లు వద్దు. గుడారం, టెలిస్కోపు, ఆకాశంలోకి లేచే టార్చి కిరణం వద్దు. రాలే చుక్క, తోకచుక్క, ఉపగ్రహం గీత, పెద్ద గ్రహం వద్దు. పాలపుంత నీళ్ళలో ప్రతిబింబించడం వద్దు, అక్కడ నీళ్ళే లేవు.

పై ఎడమ మూలలో, వెడల్పులో సగం, ఎత్తులో అయిదో వంతు మేర ఆకాశం ప్రశాంతంగా, తక్కువ చుక్కలతో ఉండాలి. పత్రిక పేరు అక్కడ మేం వేసుకుంటాం. చిత్రంలో మాత్రం ఒక్క అక్షరం, అంకె, సంతకం, వాటర్‌మార్క్ ఉండకూడదు. తెలుగు అక్షరాల్లాంటి వంకరగీతలు అసలు వద్దు. నాలుగు అంచులా కొద్దిగా చోటు వదలాలి, ప్రెస్సులో కత్తిరించినప్పుడు మంచె గుంజలు తెగకూడదు.

ఇదే దృశ్యానికి నాలుగు రూపాలు కావాలి. మూడింటిలో మనిషి నిలబడి, ఒకదాంట్లో మంచె అంచున కాళ్ళు కిందికి వేలాడేసి కూర్చుని. ఆకాశం నాలుగింటిలోనూ ఒకేలా ఉండాలి.